ఆకురాయి జారాలి

తుపాకి పేలితే ఆ గొప్పంతా పేల్చినవాడిది. పేలకపోతే ఆ పాపమంతా బాగుచేసేవాడిది. ఈ దండులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ రెండోవాణ్ణి నేనే. అందరూ మేస్త్రీ అంటారు. అసలు పేరు నా భార్యకు తెలుసు కానీ, ఆమె కూడా దాన్ని కోపం వచ్చినప్పుడే వాడుతుంది.

ఆ రోజు పొద్దున కొలిమిలో ఇంకా బొగ్గు కూడా వేయలేదు. జైలు కాపలా జమాదారు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు.

"మేస్త్రీ, నీ బావమరిదిని కొట్లో వేశారు."

"ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. అదే తప్పంటున్నారు."

జరిగింది ఇదీ. తెల్లవారుతూ సన్నగా తుంపర పడుతోంది. నా భార్య తమ్ముడు జైలు వెనకగోడ దగ్గర చూరు కింద కాపలా ఉన్నాడు. గిడ్డంగిలో కంబళ్లు దొంగిలించి పట్టుబడిన ఈలగాడనే ఖైదీ గోడెక్కి ఇవతలికి దూకాడు. ఇద్దరి మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. నా బావమరిది ఆగమని అరిచాడు, గురిపెట్టాడు, మీట నొక్కాడు. టక్కుమని చప్పుడైంది. అంతకుమించి ఏమీ కాలేదు. ఈలగాడు సందుల్లో పడి మాయమయ్యాడు. వీడు తుపాకి పట్టుకుని వెనకాల పరుగెత్తాడు, అందుకోలేకపోయాడు.

మామూలుగా అయితే నాలుగు తిట్లతో పోయేది. ఆరు తుపాకులు నొక్కితే ఒకటి పేలదు, వానాకాలమైతే రెండు పేలవు. దండులో పుట్టిన పిల్లికి కూడా తెలుసు ఆ లెక్క. కానీ ఈలగాడూ నా బావమరిదీ ఒకే వీధిలో పెరిగారు. చిన్నప్పుడు ఒకడు ఈల వేస్తే ఇంకొకడు అన్నం ముందునుంచి లేచిపోయేవాడట. అది గుర్తున్నవాళ్లు దండులో చాలామందే ఉన్నారు, గుర్తు చేసేవాళ్లు ఇంకా ఎక్కువమంది.

"కావాలనే వదిలేశాడని దళపతిగారి అనుమానం," అన్నాడు జమాదారు. "రేపు విచారణ. రుజువైతే మూడు వందల కొరడా దెబ్బలు."

నేను బొగ్గుల బుట్ట కింద పెట్టాను. ఇక్కడ రెండు వందలు తిన్నవాణ్ణి ఒకణ్ణి చూశాను. నాలుగో రోజున పోయాడు. వాడు ఎద్దులాంటి మనిషి. నా బావమరిది మొన్ననే నెల్లాళ్లు జ్వరంపడి లేచాడు, వీపుమీద ఎముకలు లెక్కపెట్టొచ్చు.

కొట్టు దగ్గరికి వెళ్లాను. కటకటాల అవతల గోడకానుకుని కూర్చున్నాడు. మామూలుగా నన్ను చూడగానే ఏదో ఒక వెక్కిరింత విసిరేవాడు. నా నడుంనొప్పి మీదో, నా బట్టతల మీదో. బావమరిది అన్నాక ఆ హక్కు ఉంటుంది కదా. ఆ రోజు లేచి నిలబడ్డాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"బావా, నేను నొక్కాను."

"నొక్కావని నాకు తెలుసులేరా. రంజకం పోశావా?"

"పోశాను. కాగితం తూటా కొరికి, చిటికెడు మందు మీట పైని గిన్నెలో పోసి, మూత వేసి, మిగతాది గొట్టంలో కూరాను. కాపలాకి వెళ్లేముందు మూత తీసి మళ్లీ చూసుకున్నాను కూడా. పొడిగా ఉంది."

"చెకుముకి?"

"మొన్ననే అంచు చెక్కి పదును పెట్టుకున్నాను. వేలు తెగింది, చూడు." బొటనవేలు చూపించాడు. "తుపాకి గుర్రం పడింది బావా. రాయి ఉక్కు పలకకి తగిలింది. మూత లేచింది. కానీ రవ్వ రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు కదా, వచ్చుంటే కనబడేది."

"నీ తుపాకి నెంబరెంత?"

"నూట పదిహేడు."

నేను కటకటాలు పట్టుకున్నాను. ఏమిటి బావా అన్నాడు. ఏమీ లేదు, నడుము పట్టేసిందన్నాను. వాడు నమ్మాడు. నా నడుము ఎప్పుడూ అబద్ధానికి పనికొస్తుంది.

రెండు నెలల కిందటి సంగతి చెప్పాలి. పైనుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. అంతే, దళపతిగారు అద్దాల పిచ్చిలో పడ్డారు. బొత్తాలు మెరవాలి, బూట్లు మెరవాలి, గోడలకి సున్నం మెరవాలి. చివరికి చూపు నా తుపాకులమీద పడింది. తుపాకిలో ఒక ఉక్కు పలక ఉంటుంది, చెకుముకి వచ్చి దానికే తగులుతుంది. తగిలి తగిలి ఆ ముఖం మీద గీతలు పడతాయి. పడాలి కూడా, దాని పనే అది. దళపతిగారు ఒక తుపాకి తీసుకుని, ఆ గీతలు చూసి, ముక్కు చిట్లించారు.

"ఇదేమిటి, పిల్లి రక్కినట్టు! రెండు వందల నలభై తుపాకులు. ఒక్కదాని మీద ఒక్క గీత కనిపించకూడదు. తొమ్మిది రోజులు టైముంది నీకు."

ఆ పలక మొత్తం గట్టి ఉక్కు కాదు. లోపలంతా మెత్తని ఇనుము. పైన గోటిమందం కూడా లేని గట్టి పొర ఒకటి ఉంటుంది. గీతలు పోవాలంటే సానరాయి మీద పట్టాలి. పడితే గీతలతో పాటు ఆ పొర కూడా పోతుంది. పోయిన పొరని మళ్లీ తెప్పించవచ్చు, కష్టం లేదు, ఓపిక కావాలి. కాల్చిన ఎముకల పొడి, తోలు బొగ్గు కలిపి ఇనపపెట్టెలో నింపి, పలకల్ని అందులో పాతిపెట్టి, మూతకి బంకమట్టి మెత్తి, కొలిమిలో నాలుగైదు గంటలు ఎర్రగా ఉంచాలి. ఆ తరవాత పెట్టె తెరిచి పలకల్ని తటాలున నీళ్లలో ముంచాలి. నా పెట్టెలో పన్నెండు పలకలు పడతాయి. రోజుకి ఒక పెట్టె. రెండు వందల నలభైకి ఇరవై రోజులు. నాకు ఇచ్చినవి తొమ్మిది.

నేను ఆ మాట దళపతిగారితో అన్నాను. ఒక్కసారి అన్నాను. ఆయన వినలేదు. రెండోసారి అనడానికి నాకు ఓపిక లేకపోయింది. ముప్పై ఏళ్లు ఒకేచోట పనిచేస్తే, ఏ మాట దండగో మనిషికి ముందే తెలిసిపోతుంది. తెలిసిపోయిందని నోరు మూసుకోవడమే అసలు జబ్బని అప్పుడు నాకు తోచలేదు.

సానపట్టాను. పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా తొమ్మిది రోజులు. పలకలన్నీ తళతళలాడాయి. పైన పటారం, లోన లొటారం. మామూలుగా అయితే ప్రతి పలకనీ ఆకురాయితో ఒకసారి గీసి చూస్తాను. గట్టిగా ఉంటే ఆకురాయి గాజుమీద జారినట్టు జారుతుంది. మెత్తగా ఉంటే పట్టుకుంటుంది, ఇనపపొడి రాలుతుంది. ఆ తొమ్మిది రోజులూ నేను ఆకురాయి ముట్టుకోలేదు. ఏం చెబుతుందో తెలుసు కాబట్టే ముట్టుకోలేదు. తనిఖీ అయ్యాక పన్నెండేసి చొప్పున వెనక్కి తెప్పించుకుని గట్టిపరుద్దామనుకున్నాను. తనిఖీ బాగా జరిగింది. పెద్ద అధికారి దళపతిగారి భుజం తట్టారట. నాకు నడుంనొప్పి తిరగబెట్టింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు గడిచిపోయాయి.

నూట పదిహేడు ఏడో రోజున నా చేతికొచ్చింది. బావమరిది తుపాకి కదా అని దాన్ని కొంచెం ఎక్కువసేపే మెరిపించాను.

ఇంటికొచ్చేసరికి నా భార్య పీటమీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ ఏరుతోంది. కళ్లు వాచి ఉన్నాయి.

"మిమ్మల్ని విచారణకి పిలుస్తారట కదా. ఏం చెబుతారు?"

"దండులో ఎవర్నడిగినా తేమ అని చెబుతారు."

"అదే చెప్పండి మరి."

"చెబితే నిలవదు. మందు బయటికి తీసి చూశారు, పొడిగా ఉంది. పక్కన సన్నటి రంధ్రంలో పుల్ల పెట్టి చూశారు, శుభ్రంగా ఉంది. కొత్త చెకుముకి బిగించి దళపతిగారి ముందే పేల్చారు. మొదటి దెబ్బకే పేలింది."

ఆమె చేట పక్కన పెట్టింది. "అంటే తుపాకిలో తప్పు లేదు, మా వాడిలోనే ఉందంటారా?"

నేను గడపమీద కూర్చున్నాను. చెప్పాను. సానరాయి, ఎముకల పొడి, తొమ్మిది రోజులు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం వంక చూడలేదు, నా చేతుల వంక చూసింది. నా పేరు పెట్టి పిలుస్తుందేమో అని ఎదురుచూశాను. అదీ చెయ్యలేదు.

"ఇంకో దారుంది," అన్నాను. "చెకుముకి అరిగిపోయిందని చెబితే, అది సిపాయి అజాగ్రత్త కింద పోతుంది. యాభై దెబ్బలతో సరిపెడతారు."

"యాభై తింటే బతుకుతాడా?"

"బతకొచ్చు."

"బతకొచ్చట!" ఆమె లేచి నిలబడింది. "మీ నడుంనొప్పికి వాడి వీపు తాకట్టు పెడతారా? వాడికి అన్నం తినిపించి పెంచినదాన్ని నేను. ఆ ముక్క మీ నోటితో చెప్పి ఇంటికొస్తే, మీకు అన్నం పెట్టే చెయ్యి వేరే చూసుకోండి."

ఆ రాత్రి అన్నం పెట్టింది. నేనే తినలేదు.

మర్నాడు విచారణ దళపతిగారి గదిలో. పెద్ద బల్ల వెనక ఆయన, అటూ ఇటూ ఇద్దరు అధికారులు. ఒకాయన ముసలాయన, చెవుడు. ఇంకొకాయన కొత్తగా వచ్చాడు, పెన్ను పట్టుకుని అన్నీ రాసుకుంటాడు. బల్లమీద నూట పదిహేడు పడుకోబెట్టి ఉంది. పక్కనే కాగితంలో దాని పాత చెకుముకి. నా బావమరిది గోడ దగ్గర నిలబడ్డాడు, ఇద్దరు కాపలావాళ్ల మధ్య.

"మేస్త్రీ," అన్నారు దళపతిగారు, "నువ్వు వాడికి బంధువ్వని మాకు తెలుసు. అందుకని నీ అభిప్రాయం అడగను. తుపాకి సంగతి అడుగుతాను. తుపాకి స్వాధీనం చేసుకున్నప్పుడు గిన్నెలో రంజకం లేదు. అంటే ముందే పారబోశాడు. అవునా కాదా?"

"కాకపోవచ్చునయ్యా."

"ఎలా?"

నేను తుపాకి చేతిలోకి తీసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఇది చెప్పమని నన్ను అడిగినవాళ్లు లేరు. "ఇదుగో గుర్రం. దీని దవడల్లో చెకుముకి, జారకుండా చుట్టూ తోలుముక్క. మీట నొక్కితే లోపల వంగి బిగిసి ఉన్న ఉక్కు కమాను దీన్ని ముందుకి విసురుతుంది. ఎదురుగా ఇదిగో ఉక్కు పలక. దీని అడుగుభాగమే గిన్నెకి మూత, రెండూ ఒకే ముక్క. రాయి వచ్చి పలకని గీసుకుంటూ కిందికి దిగుతుంది. ఆ దెబ్బకి పలక వెనక్కి తన్నుకుంటుంది, దాంతోపాటే మూత లేస్తుంది. రవ్వలు గిన్నెలో పడి రంజకం అంటుకుంటుంది. ఆ మంట ఈ పక్కనున్న రంధ్రంలోంచి గొట్టంలోకి పోతే, అప్పుడు గుండు బయటికొస్తుంది. ఇన్నీ కన్నుమూసి తెరిచేలోగా, ఒకదాని వెనక ఒకటి జరగాలి. ఒక్కటి అలిగినా అంతే సంగతులు."

కొత్త అధికారి రాస్తూ తలెత్తాడు. "అయితే గిన్నె ఖాళీగా ఎందుకుంది?"

"దెబ్బ తగిలాక మూత తెరుచుకునే ఉంటుందండీ. అంటుకోకపోతే రంజకం అలాగే గిన్నెలో ఉంటుంది. తుపాకి పట్టుకుని పరుగెత్తితే ఒలికిపోతుంది. అంటుకుని ఉంటే గిన్నె నల్లగా మసిబారేది. నిన్న పేల్చి చూడకముందు మసి లేదు, చూసినవాళ్లని అడగండి."

దళపతిగారు బల్లమీద వేళ్లు ఆడించారు. "అదంతా సరే. మరి ఎందుకు అంటుకోలేదు? నిన్న నా కళ్లముందు మొదటి దెబ్బకే పేలింది కదా. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వీడి వ్యవహారం."

గోడ దగ్గర నా బావమరిది తల దించుకున్నాడు. మెడ వెనక ఎముక పొడుచుకొచ్చింది. నేను అది చూశాను. చూశాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలలేదు.

"కిటికీలు మూయించండయ్యా," అన్నాను. "ఒకటి చూపిస్తాను."

మూశారు. గదిలో మసకచీకటి. తుపాకి ఖాళీదే, నిన్ననే పేల్చారు కదా. గుర్రం దవడల్లో ఇంకా కొత్త చెకుముకే ఉంది. మూత మూసి, గుర్రం ఎత్తి, మీట నొక్కాను. పలక పైనుంచి రవ్వలు జలజల రాలాయి. చెవిటాయన కూడా అబ్బో అన్నాడు. తరవాత ఆ రాయి తీసేసి, పాతది అదే తోలులో పెట్టి బిగించాను. మళ్లీ నొక్కాను. టక్కుమంది. చీకటి చీకటిగానే ఉంది. ఇంకో రెండుసార్లు నొక్కాను. మూడోసారికి ఎర్రటి చుక్క ఒకటి కనబడీ కనబడక ఆరిపోయింది.

"కిటికీలు తియ్యండి!" అన్నారు దళపతిగారు. "ఇంకేం! రాయిదే తప్పు. రాయిని చూసుకోవాల్సింది సిపాయి. అజాగ్రత్త."

యాభై దెబ్బల దారి నా ముందుకే నడిచి వచ్చి నిలబడింది. ఊఁ అంటే చాలు.

"రాయి పదునుగానే ఉందయ్యా. వేలు పెట్టి చూడండి. పొట్టిగా ఉంది, అంతే. కొత్త రాయి పొడుగ్గా ఉంటుంది కాబట్టి పలకకి పైన తగులుతుంది. అరిగి పొట్టిదైన రాయి కింద తగులుతుంది. ప్రతి తుపాకిలోనూ ఇంతే. కింద తగిలినా రవ్వ రావాలి. ఎందుకు రాలేదో చూడండి."

సంచిలోంచి ఆకురాయి తీశాను. బల్లమీద తెల్లకాగితం పరిచి, పలక ముఖానికి పై అంచున ఆకురాయి పెట్టి తోశాను. సర్రున జారింది. కాగితం మీద ఏమీ రాలలేదు. రెండు వేళ్లు కిందికి దింపి తోశాను. పట్టుకుంది. బూడిదరంగు పొడి కాగితం మీద సన్నగా రాలింది.

"రవ్వ రాయిలోంచి రాదండీ," అన్నాను. "అందరూ అలాగే అనుకుంటారు. రాయి అంచు గట్టి ఉక్కుని గీరితే, ఆ ఉక్కు పొట్టు ఎర్రగా కాలి లేస్తుంది. అదీ రవ్వ. పైన ఇంకా గట్టి పొర ఉంది, అక్కడ గీతలు తక్కువ కాబట్టి సాన ఎక్కువ పట్టలేదు. కింద పొర పోయింది. ఉన్నది మెత్తటి ఇనుము. మెత్తటి ఇనుముమీద కొండంత చెకుముకి పెట్టి కొట్టినా రవ్వ రాదు."

"పొర ఎలా పోయింది?" అని కొత్త అధికారి అడిగాడు.

"నేనే తీశాను."

బావమరిది తల ఎత్తాడు.

"సానరాయి మీద తీశాను. తీసి మళ్లీ గట్టిపరచలేదు. ఆకురాయి కూడా పెట్టి చూడలేదు. పేలదని తెలిసే సిపాయి చేతికిచ్చాను."

"ఎందుకు?"

దళపతిగారి ముఖం చూశాను. ఆయనకి అర్థమైంది. తొమ్మిది రోజులు, పిల్లి రక్కినట్టు అన్న మాట, అన్నీ గుర్తొచ్చాయని ఆ ముఖమే చెబుతోంది. నేను ఆయన పేరు ఎత్తలేదు. మంచితనం వల్ల కాదు, అలసిపోయాను.

"బయట కాపలావాడి తుపాకి ఒకటి తెప్పించండి," అన్నాను.

తెప్పించారు. అద్దంలా మెరుస్తున్న పలక. కొత్త అధికారి ఈసారి ఆకురాయి తనే అందుకున్నాడు. పట్టుకుంది. ఇంకొకటి తెప్పించారు. అదీ పట్టుకుంది. నాలుగోదాని దగ్గర ఆయన ఆకురాయి కింద పెట్టేశాడు.

"అంటే రెండు నెలలుగా..." అని ఆగిపోయాడు.

"అవునండీ. రాళ్లు కొత్తగా ఉన్నన్నాళ్లూ పేలుతూ వచ్చాయి. అరిగేకొద్దీ ఒక్కొక్కటే మొండికేస్తాయి. ఇది మొదటిది."

చెవిటాయన పక్కాయన వైపు వంగి, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని అడుగుతున్నాడు. ఎవరూ ఆయనకి చెప్పలేదు.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. దస్తావేజులో ఏం రాశారో జమాదారు చదివి వినిపించాడు. 'తుంపర కారణంగా రంజకం చెమ్మగిల్లి తుపాకి పేలలేదు. సిపాయి నిర్దోషి.' నిన్న నిలవని తేమ ఇవాళ నిలబడింది. మూడు వందల పేలని తుపాకుల కంటే... కాదు, రెండు వందల నలభై, లెక్క కూడా తప్పుతోంది నాకు... వాటి సంగతి బయటపడటం కంటే వానని తిట్టడం తేలిక. నాకు మటుకు విడిగా చెప్పారు. అన్ని పలకలూ గట్టిపరిచి ఇవ్వాలి. ఇచ్చాక దండు వదిలి వెళ్లిపోవాలి, ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. దళపతిగారు నా వైపు చూడకుండా చెప్పారు. నేనూ చూడకుండానే విన్నాను.

తమ్ముడు ఇంటికొచ్చాడని నా భార్య ఏడ్చింది. ఇల్లు పోయిందని ఏడవలేదు. "పోతే పోయింది వెధవ ఇల్లు, చూరు ఎప్పుడూ కారుతుంది," అంది. ఆమాటకొస్తే నిజమే.

ఇరవై రోజులు కొలిమి ఆరలేదు. ఎముకల కంపు బట్టల్లోకి, అన్నంలోకి ఎక్కింది. రోజుకి పన్నెండు. పెట్టె తెరవడం, నీళ్లలో ముంచడం, చుయ్యిమన్న పొగలో దగ్గడం, ఒక్కొక్కదాన్నీ తుడిచి ఆకురాయి పెట్టడం. ముఖాలు మసకబారాయి, నీలం, బూడిద మచ్చలు. అందం పోయింది. ప్రతిదాని మీదా ఆకురాయి జారింది. జారినప్పుడల్లా సంతోషపడాల్సింది, పడలేదు. ఈ పని రెండు నెలల కిందట చేసి ఉండాల్సింది కదా అనే ప్రతిసారీ అనిపించింది.

నూట పదిహేడుని చివరికి అట్టేపెట్టాను. దాన్ని తీసుకోవడానికి బావమరిది తనే వచ్చాడు. విచారణ తరవాత మేమిద్దరం ఒంటరిగా నిలబడటం అదే మొదలు. ఇంట్లో ఎప్పుడూ వాళ్లక్క ఉండేది, మాకు అదే హాయిగా ఉండేది.

"కోపంగా ఉందా?" అన్నాను.

"ఉంది," అన్నాడు. తుపాకి వంక చూసి, "మరీ అంత లేదులే బావా," అన్నాడు.

"నువ్వు తిట్టాలిరా. నా ఒళ్లు బద్ధకానికి నిన్ను చంపేవాళ్లు."

వాడు బల్లమీద ఉన్న ఇనపపొడిని వేలితో పోగుచేశాడు. "నీకొకటి చెప్పాలి. అక్కకి చెప్పకు."

"చెప్పు."

"ఆ రోజు వాడు గోడ దూకి, లేచి, నా వైపు తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడు. మీట నొక్కాను, అది నిజం. నొక్కకపోతే నన్ను చంపుతారు కదా. కానీ నొక్కుతూ ఒకటే అనుకున్నాను. ఆరింటికొకటి పేలదంటారు కదా, ఆ ఒక్కటీ ఇదే కావాలి, ఇదే కావాలని." పోగుచేసిన పొడిని మళ్లీ చెదరగొట్టాడు. "టక్కుమన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది బావా. భయంతో కాదు. అందుకే నీమీద సరిగ్గా కోపం రావట్లేదు. నీ తప్పువల్ల వాడు బతికాడు."

ముప్పై ఒక్క ఏళ్లు తుపాకులు పేలేలా చెయ్యడమే పుణ్యమనుకున్నాను. అవతల నిలబడ్డవాడి సంగతి నా కొలిమిలోకి ఎప్పుడూ రాలేదు. వస్తే పని చెయ్యగలిగేవాణ్ణా అంటే, ఏమో.

వాడు తుపాకి ఎత్తాడు. నాకు అలవాటైన పద్ధతిలోనే మూత మూసి, తలుపు దగ్గరికి వేసి, గుర్రం ఎత్తి నొక్కాడు. దవడల్లో ఉన్నది ఆ పాత పొట్టిరాయే. గది మసకలో రవ్వలు కుప్పగా రాలి గిన్నెలో నిండాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ రాలాయి. ఆరుసార్లు నొక్కాడు. నేను లెక్కపెట్టాను, వాడూ పెట్టాడనుకుంటాను. ఆరుసార్లూ రాలాయి.

వాడు తుపాకి భుజానికి తగిలించుకున్నాడు.

"బాగా చేశావు బావా," అన్నాడు. "ఇక నాకు సాకు లేదు."

గుమ్మం దాటి కాపలాకి వెళ్లాడు. నేను ఆకురాయి తుడిచి సంచిలో పెట్టుకున్నాను.